ఆ గదిలో ప్లగ్గులెన్ని?

మా అక్క కొడుక్కి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజునే తణుకులో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టుకి వెళ్లి ఇండక్షన్ పొయ్యి కొన్నాను. రెండు వేల వాట్లది. కుర్రాడు బయటి తిండి తిని ఒళ్లు పాడుచేసుకోకూడదని నా తాపత్రయం. రంగు కాగితం చుట్టించి, పాలకొల్లు వెళ్లి వాడి చేతిలో పెట్టి వచ్చాను. మా అక్క మురిసిపోయింది. పది రోజులకి వాడి దగ్గర్నుంచి ఫోన్.

"మావయ్యా, పొయ్యి బానే ఉంది గానీ ప్లగ్గు దూరట్లేదు."

"దూరకపోవడం ఏంట్రా, గట్టిగా నొక్కి చూడు" అన్నాను. కరెంటు విషయాల్లో నా పరిజ్ఞానం అప్పటికి అంతే.

వాడు గట్టిగా నొక్కలేదు, నాకంటే తెలివైనవాడు. కానీ సందు చివర కొట్లో నలభై రూపాయలకి ఓ కన్వర్టర్ కొన్నాడు. పెద్ద ప్లగ్గుని చిన్న సాకెట్టులో పెట్టుకోవడానికి వీలు చేసే తెల్లటి ముక్క. నాలుగు రోజులు ఉప్మా, మ్యాగీ, గుడ్లు బాగానే ఉడికాయి. ఐదో రోజు గదిలో కాలిన వాసన. కన్వర్టర్ మెత్తబడి సాకెట్టుకి అతుక్కుపోయింది. బోర్డు మార్చడానికైన ఖర్చుతో పాటు ఇంటి ఓనరు చేత చీవాట్లు కూడా పడ్డాయి. నేనిచ్చిన బహుమతి ఖరీదు అలా పెరిగింది.

మరుసటి నెల వెళ్లి ఆ గది చూశాక గానీ నా పొరపాటు నాకు అర్థం కాలేదు. మూసాపేటలో మూడంతస్తుల ఇంటి డాబా మీద గది. హైదరాబాద్‌లో దీన్ని ముద్దుగా పెంట్‌హౌస్ అంటారు. మన భాషలో చెప్పాలంటే డాబా మీద రేకుల గది. పదడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు, ఒక కిటికీ, పక్కన బాత్రూము. తలుపు పక్కన ఒకే ఒక స్విచ్చిబోర్డు, అందులో రెండు చిన్న సాకెట్లు. పెద్ద సాకెట్టు ఒక్కటే ఉంది, అది బాత్రూములో గీజరుకి. ఈ సంగతి కొనేముందు ఒక్క ఫోను చేసి అడిగి ఉంటే తెలిసేది. అద్దె గదిలో ఉండేవాళ్లకి ఏం కొనాలో మన ప్రేమ కంటే ముందు ఆ గది చెప్పాలి.

అందుకే ఈ వ్యాసంలో బహుమతుల జాబితా ఏదీ పెట్టడం లేదు. వంట చుట్టూ ఉన్న సంగతులే ఎక్కువ చెబుతాను. ఎందుకంటే కొత్త ఊళ్లో ఒంటరి కుర్రాడికో, అమ్మాయికో ఇచ్చే కానుకల్లో ఎక్కువ పనికొచ్చేదీ, ఎక్కువగా తప్పు కొనేదీ వంటకి సంబంధించినదే.

ముందు ఆ ప్లగ్గు గొడవ తేల్చుకుందాం. మన ఇళ్లల్లో రెండు రకాల సాకెట్లు ఉంటాయి. ఫోను ఛార్జర్లు, ఫ్యాన్లు, టీవీలు పెట్టుకునే చిన్నది 6 ఆంపియర్లది. గీజరు, ఏసీ, వాషింగ్ మెషీన్ పెట్టే లావు రంధ్రాలది 16 ఆంపియర్లది. మన కరెంటు 230 వోల్టులు. ఆంపియర్లని వోల్టులతో గుణిస్తే ఆ సాకెట్టు ఎన్ని వాట్లు మోయగలదో వస్తుంది. చిన్న సాకెట్టుకి 6 ఇంటూ 230, అంటే 1,380 వాట్లు. అంతకు మించి దాని మీద బరువు పెట్టకూడదు. నేను కొన్న పొయ్యి పూర్తి మంట మీద రెండు వేల వాట్లు తీసుకుంటుంది, అంటే దాదాపు 8.7 ఆంపియర్లు. తయారుచేసినవాళ్లు దానికి లావు ప్లగ్గు బిగించింది ఊరికే కాదు, చిన్నదాంట్లో దూరకూడదనే. కన్వర్టర్ కొనడమంటే ఆ కాపలావాణ్ణి పక్కకి తోసేయడమే.

"మరి ఎంసీబీ పడిపోవాలిగా, ఎందుకు పడలేదు?" అని మా వీధి ఎలక్ట్రీషియన్‌ని అడిగాను. ఆయన నవ్వి చెప్పిన జవాబు చాలామందికి తెలియదు. ఎంసీబీ కాపాడేది గోడలోని వైరుని. అది పదికో పదహారుకో పెట్టి ఉంటుంది. 8.7 ఆంపియర్లు పారితే దాని దృష్టిలో తప్పేమీ జరగలేదు. కానీ ఆరు ఆంపియర్ల సాకెట్టులో, వదులుగా ఉన్న కన్వర్టర్ పిన్నుల దగ్గర వేడి పుడుతూనే ఉంటుంది. మీట పడలేదు కదా అనే ధీమాతో ఉండగానే ప్లాస్టిక్ కరుగుతుంది. ఆ ప్రమాదాన్ని ముందే పసిగట్టేది మన చెయ్యీ, మన ముక్కూ. పది నిమిషాలు వాడాక స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, దాని ప్లాస్టిక్ భాగం ముట్టుకుంటే బాగా వేడిగా తగిలిందా, సాకెట్టు రంధ్రాల చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపించిందా, చేపల వాసనలాంటి నీచు వాసన వచ్చిందా, ఇక ఆ సాకెట్టులో ఏదీ పెట్టకూడదు. ఓనరుకి చెప్పి మార్పించుకోవాలి.

ఇండక్షన్ పొయ్యితో ఇంకో చిక్కు కూడా ఉంది. దాని మీద అయస్కాంతం అతుక్కునే, అడుగు చదునుగా ఉండే గిన్నెలే పనిచేస్తాయి. మా అక్క పాలకొల్లు నుంచి కట్టి పంపిన అల్యూమినియం గిన్నెలు దాని మీద వేడెక్కలేదు. అంటే పొయ్యి ఇస్తే గిన్నెలూ ఇవ్వాలి. ఇద్దరు ముగ్గురు కలిసి రెండు గదుల ఫ్లాటు తీసుకుని, వంటింట్లో పెద్ద సాకెట్టు ఉన్నవాళ్లకి ఇండక్షన్ పొయ్యి చక్కటి కానుక. రేకుల గదికి కాదు.

అలాంటి గదికి నా ఓటు ఒక లీటరు ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌కి. కంపెనీని బట్టి అటూ ఇటూగా 400 వాట్లు తీసుకుంటుంది, అంటే రెండు ఆంపియర్ల లోపే. చిన్న సాకెట్టుకి అది లెక్కలోకి రాని బరువు. ధర పదిహేను వందల నుంచి రెండు వేల లోపు ఉంటుంది. దుకాణంవాడు తప్పకుండా 1.8 లీటర్లది చూపించి "మూడొందలే తేడా సార్" అంటాడు. వద్దు. అది 700 వాట్లు తీసుకుంటుంది, గదిలో చోటు తింటుంది. పైగా పెద్ద గిన్నెలో గుప్పెడు బియ్యం పోస్తే అడుగున పలచగా పరుచుకుని మాడుతుంది. ఒక మనిషికి రెండు పూటలా సరిపడే అన్నం ఒక లీటరు కుక్కర్‌లోనే వండుకోవచ్చు.

ఈ యంత్రం కథ చిన్నదే గానీ సరదాగా ఉంటుంది. నీళ్లు పోసి మీట నొక్కితే అన్నం ఉడికాక దానంతట అదే ఆగిపోయే కుక్కర్‌ని జపాన్‌లో తోషిబా సంస్థ 1955లో అమ్మకానికి తెచ్చింది. ఇవాళ మన ఇళ్లల్లో ఉన్నవాటి అడుగున, సరిగ్గా నడిమధ్య స్ప్రింగు మీద ఓ గుండ్రటి బిళ్ల ఉంటుంది. అందులో ఉన్నది అయస్కాంతం. గిన్నెలో నీళ్లున్నంతసేపు వేడి వంద డిగ్రీలు దాటదు, ఎందుకంటే వచ్చిన వేడంతా నీళ్లని ఆవిరి చేయడానికే సరిపోతుంది. బియ్యం నీళ్లని పీల్చేసుకోగానే గిన్నె అడుగు వంద దాటి వేడెక్కడం మొదలవుతుంది. కొద్ది డిగ్రీలు పైకి వెళ్లగానే ఆ బిళ్ల అయస్కాంత గుణం కోల్పోతుంది. దాంతో స్ప్రింగు మీటని పైకి తన్నేస్తుంది. మనకి వినిపించే "టక్" అదే. గడియారంతో పని లేదు, నీళ్లు అయిపోయాయన్న సంగతి దానికి వేడిని బట్టి తెలుస్తుంది.

ఈ కిటుకు అర్థమైతే కుక్కర్‌లో ఏది కుదురుతుందో, ఏది కుదరదో ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్లున్న వంటలన్నీ కుదురుతాయి: అన్నం, పులగం, ఉప్మా, కిచిడీ, పప్పు, ఉడికించిన దుంపలు, గుడ్లు. పోపు మాత్రం మొరాయిస్తుంది. నూనె వేసి మీట నొక్కితే రెండు నిమిషాల్లో అడుగు వేడెక్కి టక్‌మని ఆగిపోతుంది. మా మేనల్లుడు ఆ మీట మీద స్టీలు గ్లాసు బరువు పెట్టి పోపు వేయబోయాడు. అది చేయకూడని పని. ఆగిపోవడమే దాని రక్షణ. బలవంతంగా నొక్కి ఉంచితే ముందు మీట, తర్వాత అయస్కాంతం పాడవుతాయి. ఆ తర్వాత అన్నం మాడినా అది ఆగదు.

పప్పు సంగతికి వస్తే, దీనికి ప్రెషర్ లేదు కాబట్టి కందిపప్పు త్వరగా మెత్తబడదు. రెండు గంటలు నానబెట్టినా ఓపిక పట్టాలి. పెసరపప్పు అయితే అరగంటలో ఉడుకుతుంది. అరకప్పు పెసరపప్పుకి రెండు కప్పుల నీళ్లు, పసుపు, రెండు పచ్చిమిరపకాయలు చాలు. చింతపండు మాత్రం పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే వేయాలి. పులుపు ముందు పడితే పప్పు బిరుసెక్కి ఎంతసేపటికీ ఉడకదు. మన అమ్మమ్మలు పప్పు ఎనిపాకే పులుపు కలిపింది ఇందుకే.

మా వాడి పొద్దుటి పద్ధతి చెబుతాను. ఏడున్నరకి కుక్కర్‌తో వచ్చిన కప్పుతో ఒక కప్పు సోనా మసూరి కొలుస్తాడు. ఆ కప్పు 180 మిల్లీలీటర్లది, అందులో దాదాపు నూట యాభై గ్రాముల బియ్యం పడతాయి. కడిగి, రెండుంపావు కప్పుల నీళ్లు పోసి, పావుగంట నానబెడతాడు. ఈలోగా పళ్లు తోముకుని, బట్టలు తీసిపెట్టుకుని మీట నొక్కి స్నానానికి వెళతాడు. వచ్చేసరికి ఆగిపోయి ఉంటుంది. వెంటనే మూత తీయడు, పది నిమిషాలు మగ్గనిస్తాడు. ఆ పది నిమిషాలు ఆగకపోతే పైన పలుకు, అడుగున ముద్ద. సగం అన్నం పొడీ నెయ్యితో తింటాడు, సగం పెరుగు కలిపి డబ్బాలో పెట్టుకుని ఆఫీసుకి తీసుకెళతాడు. ఇంతా చేస్తే 400 వాట్ల కుక్కర్ అరగంట నడిచినా 0.2 యూనిట్. వాళ్ల ఓనరు సబ్ మీటరు మీద యూనిట్‌కి పది రూపాయలు తీసుకుంటాడు, అంటే పూటకి రెండు రూపాయలు. రెండు పూటలా వండుకున్నా నెలకి నూట ఇరవై.

పొద్దున వండింది రాత్రికి దాచుకోవడం మాత్రం ఆ గదిలో కుదరలేదు. రేకుల కింద ఏప్రిల్ వేడికి సాయంత్రానికే అన్నం జిగురొచ్చేది. ఫ్రిజ్ లేని గదిలో ఏ పూటకి ఆ పూట వండుకోవాల్సిందే. మిగిలితే పారబోయాలి, వేడిచేసి తిన్నంత మాత్రాన పాడైన అన్నం బాగుపడదు.

కుక్కర్ ఇచ్చేటప్పుడు నాలుగు ముక్కలు చెప్పి ఇవ్వాలి. లోపలి గిన్నె అడుగు బయటివైపు పొడిగుడ్డతో తుడిచాకే పెట్టాలి. తడితో పెడితే చిటపటమంటూ హీటర్ పళ్లెం తుప్పు పడుతుంది. ఆ పళ్లెం మీద ఒక్క మెతుకు పడి ఎండిపోయినా గిన్నె ఒరిగి, ఒక పక్క ఉడికి ఒక పక్క పలుకుగా ఉంటుంది. అన్నం సరిగా రావడం లేదని ఎవరైనా అంటే మొదట వెతకాల్సింది ఆ ఎండిన మెతుకునే. గంజి పొంగి కిందికి కారుతోందంటే బియ్యం ఎక్కువైనా అయి ఉండాలి, సరిగా కడగకపోయైనా ఉండాలి. కుక్కర్ ఒంటి మీద చెయ్యి వేస్తే జివ్వుమంటే అది అన్నిటికంటే పెద్ద హెచ్చరిక. ప్లగ్గులో మూడో పిన్ను, పొడుగ్గా లావుగా ఉండేది, ఎర్త్. ఆ గదిలో ఎర్త్ సరిగా లేకపోతే, లోపల ఏదైనా కరెంటు లీకయినప్పుడు అది మన ఒంట్లోంచి భూమిలోకి పోతుంది. అలా తగిలితే స్విచ్చి కట్టేసి, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా దాన్ని ముట్టుకోకూడదు. చెప్పులేసుకుని వాడేద్దాం అనే సర్దుబాటు వద్దు.

కుక్కర్ ఒక్కటే ఇస్తే బహుమతి సగమే ఇచ్చినట్టు. పోపు కుదరని గదిలో అన్నానికి తోడేదీ? ఇక్కడే ఇంటివాళ్ల చేతి వాటం పనికొస్తుంది. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం, నువ్వుల పొడి. వీటికి పోపు అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. మా అక్క మొదటిసారి ఒక్కోటీ కిలో చొప్పున పంపింది. ఒక మనిషి కిలో కందిపొడి తినడానికి నెలలు పడుతుంది. రెండో నెలకి అందులో కమ్మదనం పోయి, నూనె కనరెక్కింది. ఇప్పుడు నూట యాభై గ్రాముల చొప్పున చిన్న సీసాల్లో, రెండు నెలలకోసారి పంపుతోంది. విడిగా వేయించిన పోపు దినుసులు, ఎండుమిర్చి, ఎండిన కరివేపాకు కలిపి ఓ చిన్న డబ్బా కూడా ఇస్తోంది. ఉడికిన పప్పులో ఆ గుప్పెడు చల్లి, చెంచాడు నెయ్యి వేసుకుంటే పోపు పెట్టినంత కాకపోయినా దాని దరిదాపుల్లోకి వస్తుందని మా వాడి తీర్పు.

ఆవకాయ పంపడంలోనూ ఒక లెక్కుంది. పెద్ద జాడీ అంతా పంపకండి. రోజూ మూత తీయడం వల్ల, ఎప్పుడో ఒకసారి తడి చెంచా పెట్టడం వల్ల మొత్తం బూజు పడుతుంది. పచ్చడి నిలవుండేది ఉప్పు, పులుపు, పైన తేలే నూనె వల్ల. తడి తగిలిన చోట ఉప్పు పలచబడి బూజుకి దారి దొరుకుతుంది. పావుకిలో సీసాలు నాలుగు పంపితే ఒకటి తెరిచినప్పుడు మూడు భద్రంగా ఉంటాయి. ముక్క మునిగేలా పైన వేలెడు మందం నూనె ఉండాలి. బస్సులో పంపేటప్పుడు సీసాని నోటిదాకా నింపకుండా కాస్త వెలితి ఉంచి, మూత కింద పాలిథీన్ ముక్క పెట్టి బిగించి, ఒక్కోదాన్నీ విడిగా కవర్లో కట్టి నిలబెట్టి సర్దాలి. మొదటిసారి కారిన నూనెతో వాడి కొత్త తెల్ల చొక్కాలు రెండు ఇంటర్వ్యూలకి కూడా పనికిరాకుండా పోయాయి. ఉద్యోగం అప్పటికే వచ్చేసింది కాబట్టి సరిపోయింది.

ఇక స్విచ్చిబోర్డు తలుపు దగ్గర, మంచం కిటికీ దగ్గర ఉండే ఇలాంటి గదులకి మరో మంచి కానుక ఎక్స్‌టెన్షన్ బాక్సు. నలుగురూ నవ్వుతారు, పెళ్లిళ్లలో ఇచ్చే వస్తువు కాదు కదా! కానీ మా మేనల్లుడు రోజూ వాడే వస్తువుల్లో కుక్కర్ తర్వాత అదే. చవక రకం కొంటే మాత్రం నా ఇండక్షన్ పొయ్యి కథే. చేత్తో పట్టుకుంటే వైరు లావుగా, బరువుగా ఉండాలి. దాని మీద ఎన్ని ఆంపియర్లు మోస్తుందో రాసి ఉండాలి. ప్లగ్గు మీద ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 1293 అనే ప్రమాణం సంఖ్య, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ లైసెన్సు సంఖ్యని బీఐఎస్ కేర్ అనే యాప్‌లో కొట్టి చూస్తే అది అసలుదో కాదో, ఏ కంపెనీకి ఇచ్చారో అక్కడే కనిపిస్తుంది. కొట్లోనే నిలబడి చూసుకోవచ్చు.

నాలుగు సాకెట్లున్న బాక్సు కాబట్టి నాలుగు పరికరాలు ఒకేసారి పెట్టుకోవచ్చనుకుంటే పొరపాటు. దాని తల గోడలోని ఒక్క చిన్న సాకెట్టులోనే ఉంటుంది, కాబట్టి నాలుగూ కలిపి అదే 1,380 వాట్ల లెక్క. 400 వాట్ల కుక్కర్‌లో అన్నం పెట్టి, పక్కనే 1,000 వాట్ల ఇస్త్రీపెట్టెతో చొక్కా ఇస్త్రీ చేస్తే అక్కడికే 1,400. పొద్దున్నే హడావిడిలో అందరూ చేసే పని ఇదే. అన్నం టక్‌మన్నాక ఇస్త్రీ చేసుకోమని చెప్పాను. 1,500 వాట్ల కెటిల్ అయితే ఒంటరిగా కూడా చిన్న సాకెట్టుకి ఎక్కువే. కెటిల్ కొనాలనుకుంటే వాట్లు తక్కువున్న చిన్నది చూడండి. స్నానానికి నీళ్లు కాచే ఇమ్మర్షన్ రాడ్‌ని మాత్రం ఎవరికీ ఎప్పుడూ కొనివ్వకండి. బకెట్లో చెయ్యి పెట్టి వేడి చూసే తొందర మనిషికి సహజం. కరెంటు మాత్రం ఆ తొందరని క్షమించదు.

పీజీలో దిగేవాళ్ల సంగతి వేరు. అమ్మాయిల పీజీల్లో, అబ్బాయిల పీజీల్లో చాలాచోట్ల గదిలో వంట నిషేధం, కెటిల్ కనిపించినా వార్డెన్ పట్టుకుపోతుంది. ముందు అడగండి. అలాంటి చోటికి నేను కొనేది మంచి తాళం. అల్మారాకి ఓనరు ఇచ్చిన తాళపుచెవికి నకళ్లు అంతకు ముందున్నవాళ్ల దగ్గర ఉండవన్న నమ్మకం లేదు. మూడు చెవులొచ్చే గట్టి తాళం ఒకటి కొని, ఒక చెవి పర్సులో, ఒకటి ఆఫీసు డెస్కులో, ఒకటి నమ్మకమైన స్నేహితుల దగ్గర పెట్టుకోమని చెప్పండి. రేకుల గదికైనా ఇది పనికొస్తుంది. ఎందుకంటే రాత్రి పదింటికి తాళంచెవి పోగొట్టుకున్న కొత్తవాడికి ఆ ఊళ్లో తలుపు తట్టడానికి ఇల్లే ఉండదు.

బరువైన సామాను జోలికి పోవద్దని నా సలహా. మంచం, బీరువా, పెద్ద పరుపు, గోడకి తగిలించే పటాలు. మన దగ్గర అద్దె ఒప్పందాలు ఎక్కువగా పదకొండు నెలలకి రాసుకుంటారు. ఏడాది దాటిన లీజు అయితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఆ పదకొండు. పదకొండు నెలలకో, ఆఫీసు మారితే అంతకంటే ముందో గది మారుతుంది. మా వాడు మొదటి ఏడాదిలోనే రెండుసార్లు మారాడు. ఒకసారి ఆటోలో, ఒకసారి స్నేహితుడి బండి మీద నాలుగు ట్రిప్పుల్లో. ఆటోలో పట్టనిది ఏదైనా వాడికి బరువే. పెళ్లయ్యాక ఇల్లు పెట్టినప్పుడు ఆ ముచ్చట తీర్చుకుందురుగాని.

చివరగా డబ్బు సంగతి, ఎందుకంటే మన తెలుగువాళ్లకి నూటపదహార్ల అలవాటు ఉండనే ఉంది. శుభకార్యానికి కవర్లో డబ్బు పెట్టి ఇవ్వడం మనకి కొత్త కాదు. కానీ ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి ఇచ్చే కవరు సాధారణంగా ఆలస్యంగా వెళుతుంది. "మొదటి జీతం తీసుకున్నావటగా, ఇదుగో" అని పండక్కి వచ్చినప్పుడు చేతిలో పెడతాం. అప్పటికి అసలు ఇబ్బంది గడిచిపోయి ఉంటుంది. మా మేనల్లుడు చేరింది నెలలో ఇరవై రెండో తారీకు. ఆఫీసులో ఆ నెల జీతాల లెక్కలు అప్పటికే కట్టేశారు. ఆ తొమ్మిది రోజులదీ, మరుసటి నెలదీ కలిపి ఇచ్చారు. అంటే చేతికి డబ్బొచ్చేసరికి దాదాపు నలభై రోజులు పట్టింది. ఈలోగా రెండు నెలల అడ్వాన్సు, ఒక నెల అద్దె, మెట్రో కార్డు, బకెట్టు, మగ్గు, చాప, దిండు అన్నీ కొనుక్కోవాలి. వాడు ఇంట్లో అడగలేక స్నేహితుడి దగ్గర అప్పు చేశాడని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అడిగితే ఇచ్చేవాళ్లమే. మొదటి ఉద్యోగం వచ్చిన రోజునే ఇంట్లో చెయ్యి చాచడానికి ఎవరికీ మనసొప్పదు.

కాబట్టి డబ్బు ఇవ్వాలనుకుంటే బస్సెక్కే ముందు రోజు ఇవ్వండి. బంధువులు నలుగురున్నారనుకోండి, నాలుగు గోడ గడియారాలు కొనే బదులు నలుగురూ తలా రెండు వేల నూటపదహార్లు వేసి అడ్వాన్సులో సగం కట్టేయండి. ఒక అన్నయ్యకో, పిన్నికో ఆ లెక్క చూసే బాధ్యత అప్పగించండి. మిగిలిన వస్తువులు గది దొరికి, వాడు వీడియో కాల్‌లో చూపించాక కొనొచ్చు. వీడియో కాల్‌లో ముఖం కాకుండా గోడ చూపించమనండి: స్విచ్చిబోర్డు, సాకెట్లు, కిటికీ, నీళ్ల కుళాయి. ఐదు నిమిషాల పని.

నా మటుకు నేను రెండోసారి ఒక లీటరు కుక్కరే కొన్నాను. ఈసారి రంగు కాగితం చుట్టించలేదు. ఎందుకంటే కొట్లోనే పెట్టె విప్పి, ప్లగ్గు చూసి, లోపల గిన్నెని అటూ ఇటూ తిప్పి అది సరిగా కూర్చుంటోందో లేదో చూశాను. ఆ ఇండక్షన్ పొయ్యి వాడు పండక్కి వచ్చినప్పుడు తిరిగి తెచ్చేశాడు. ఇప్పుడు మా వంటింట్లోనే ఉంది, పెద్ద ప్లగ్గు పక్కన. సిలిండర్ అయిపోయిన రోజున దాని మీదే కాఫీ కాచుకుంటున్నాం.